వాట్సాప్‌లో వచ్చిన టెండరు నోటీసు: ఫొటో నుంచి నాలుగు వివరాలు తీయడంలో పొరపాటు ఎక్కడ జరుగుతుంది

క్లుప్తంగా: పత్రికలో వచ్చే టెండరు నోటీసు పూర్తి టెండరు కాదు. ప్రభుత్వ ఈ-టెండర్ల పోర్టల్‌లో ఉన్న అసలు పత్రానికి అది సూచిక మాత్రమే. దాని ఫొటో చూసి అర్హతలు, పత్రాలు, ఫీజులు, గడువులు ఒక పేజీలోకి దించేటప్పుడు మూడు చోట్ల తేడా వస్తుంది. చెరిగిన అంకెను ఊహించి రాయడం, ఒక షరతును అది లెక్కించే తేదీ నుంచి విడదీయడం, ఫొటోలో లేనిదాన్ని ‘అవసరం లేదు’ అనుకోవడం. మొదటిదాన్ని చాలాసార్లు నోటీసులోని ఇతర అంకెలతోనే సరిచూడవచ్చు. మిగతా రెండింటికి పోర్టల్ తెరవక తప్పదు.

హైదరాబాద్‌లో చిన్న సివిల్ కాంట్రాక్టర్లకు టెండరు సమాచారం చాలావరకు ఫోనులోనే చేరుతోంది. ఉదయం ఎవరో పత్రిక లోపలి పేజీని ఫొటో తీసి గ్రూపులో పెడతారు. మధ్యాహ్నానికి అది పది గ్రూపులు తిరుగుతుంది. పనులు చూసుకునే కాంట్రాక్టరు స్వయంగా చదివే తీరిక లేక, ఆఫీసులో కాగితాలు చూసే వ్యక్తికి పంపి ‘ఇందులో మనకు కుదిరేది ఏమైనా ఉందా’ అని అడుగుతాడు. ఆ వ్యక్తి రాసిచ్చే అర పేజీ మీదే డబ్బు సర్దుబాటు, బ్యాంకు పని, సర్టిఫికెట్ల వేట మొదలవుతాయి. అందుకే ఆ అర పేజీలో ఒక్క అంకె తప్పినా నష్టం నేరుగా జేబుకు తగులుతుంది.

ఫొటోలో నిజంగా ఉండేది ఎంత

పత్రికలో స్థలానికి డబ్బు కట్టాలి కాబట్టి ప్రభుత్వ విభాగాలు నోటీసును వీలైనంత కుదించి ఇస్తాయి. పని పేరు, అంచనా విలువ, బిడ్‌తో పాటు డిపాజిట్‌గా కట్టే ధరావతు, పూర్తి చేయాల్సిన కాలం, బిడ్ల తేదీలు ఒక చిన్న పట్టికలో ఉంటాయి. దాని కింద ‘ఇతర వివరాలకు పోర్టల్ చూడగలరు’ అనే ఒక్క వాక్యం ఉంటుంది. తెలంగాణలో ఆ పోర్టల్ చిరునామా tender.telangana.gov.in. అసలు షరతులన్నీ ఆ ఒక్క వాక్యం వెనకాలే ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న తికమక తరచూ ఎదురవుతుంది. ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ‘ఆర్‌ఓ నంబరు’ అని ఒకటి ఉంటుంది. అది పత్రికకు ప్రకటన విడుదల చేస్తూ సమాచార శాఖ ఇచ్చే నంబరు. దానికీ టెండరుకూ సంబంధం లేదు. పోర్టల్‌లో వెతకడానికి కావాల్సింది నోటీసు పైభాగంలో తేదీతో పాటు ఉండే టెండరు నోటీసు సంఖ్య. ఫొటో తీసేవారు పట్టిక మీదే దృష్టి పెట్టి పైభాగం కత్తిరించేస్తే, మిగిలిన ఆర్‌ఓ నంబరునే టెండరు నంబరుగా రాసుకుని, పోర్టల్‌లో ఏమీ దొరకలేదని వదిలేయడం జరుగుతుంది. ఫొటో చూసి రాసే అర పేజీ కుదింపులో మొదటి వరుస ఈ నోటీసు సంఖ్యదే కావాలి. అది లేని ఫొటో అయితే మిగతావి రాసే ముందు పూర్తి ప్రకటన ఫొటో తెప్పించుకోవడం మేలు.

మడత మీద పడిన అంకె

వివరణ కోసం ఒక నమూనా నోటీసు తీసుకుందాం. నగరంలోని ఒక ఇంజినీరింగ్ విభాగం మూడు పనులకు స్వల్పకాలిక టెండర్లు పిలిచింది. రెండో పని వర్షపు నీటి బాక్స్ డ్రెయిన్ నిర్మాణం. కాలం 6 నెలలు. పత్రికను నిలువుగా మడిచిన గీత సరిగ్గా అంచనా విలువ గడి మీదుగా పోయింది. అంకె ‘48,60,000’ లా ఉంది, ‘43,60,000’ లాగానూ ఉంది. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి పెద్దది చేసి చూస్తే అంకె మరింత చెదురుతుంది తప్ప తేలదు. న్యూస్‌ప్రింట్ మీద 3, 8 మధ్య, 1, 7 మధ్య, 5, 6 మధ్య ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉండేదే.

అయితే టెండరు నోటీసులో ఒకే విషయం రెండు రూపాల్లో ఉండటం మామూలే. పక్క గడిలో ధరావతు రూ.48,600 అని స్పష్టంగా ఉంది. పట్టిక కింద ధరావతు అంచనా విలువలో 1 శాతం అని రాసి ఉంది. 48,600 ను వందతో హెచ్చిస్తే 48,60,000. చెరిగిన అంకె 8 అని తేలిపోయింది. ఇది ఊహ కాదు, లెక్క. ఇలా తేలిన అంకెను కుదింపులో నిస్సంకోచంగా రాయవచ్చు. ‘ధరావతుతో సరిచూసినది’ అని పక్కన ఒక మాట పెడితే చదివేవారికి దాని బలం తెలుస్తుంది.

మూడు పనులున్న పట్టికలో ఈ లెక్క మరో విధంగానూ పనికొస్తుంది. పని పేరు రెండు మూడు వరుసల్లోకి జారినప్పుడు పక్క గడుల్లోని అంకెలు ఏ పనివో అర్థం కాదు. ఏటవాలుగా తీసిన ఫొటోలో కన్ను ఒక వరుస పైకో కిందికో జారుతుంది. ఫొటో నుంచి అక్షరాలు తీసే యాప్ వాడినా ఇదే సమస్య: అది గడులను కలిపేసి, ఒక పని విలువ పక్కన మరో పని ధరావతును పెట్టగలదు. ప్రతి వరుసలోనూ విలువకు 1 శాతం ధరావతుతో సరిపోతోందా అని చూస్తే వరుస జారిందో లేదో వెంటనే బయటపడుతుంది.

అన్ని అంకెలూ ఇలా తేలవు. అదే నోటీసులో బిడ్ల దాఖలు 10-11-2025 ఉదయం 11.00 గంటలకు మొదలవుతుందని ఉంది. ముగింపు తేదీ ‘13-11-2025’ అనీ చదవవచ్చు, ‘18-11-2025’ అనీ చదవవచ్చు. అర్హత పత్రాలుండే సాంకేతిక బిడ్లు తెరిచేది 18-11-2025 సాయంత్రం 4.00 గంటలకు. ముగిసిన అరగంటకే బిడ్లు తెరవడం మామూలే కాబట్టి 18 అనిపిస్తుంది. మూడు రోజుల్లోనే దాఖలు ముగించడం అరుదన్నదీ 18 వైపే మొగ్గుతుంది. కానీ దాఖలు ముగిసిన కొన్ని రోజుల తర్వాత బిడ్లు తెరిచే విభాగాలూ ఉన్నాయి. ధరావతు విషయంలో నోటీసే నియమం చెప్పింది, ఇక్కడ చెప్పలేదు. అందువల్ల ఇది నిర్ధారణ కాదు. కుదింపులో ‘13 లేదా 18, పోర్టల్‌లో చూడాలి’ అని రాసి, చూసేవరకు 13వ తేదీనే గడువుగా పెట్టుకోవాలి. అదే ప్రకటన మరో పత్రికలోనూ వచ్చి ఉంటే దాని ఈ-పేపర్‌లో చూసినా తేలుతుంది.

‘ఫీజు’ అనే మాట కింద కలిసిపోయే మూడు డబ్బులు

కుదింపుల్లో ఎక్కువగా కనిపించే వరుస ‘ఫీజు: రూ.48,600’. ఇది పొరపాటు. ధరావతు, అంటే ఈఎండీ, ఫీజు కాదు. టెండరు దక్కనివారికి అది తిరిగి వస్తుంది. దక్కిన తర్వాత ఒప్పందానికి రాకపోతేనో, బిడ్ చెల్లుబాటు కాలంలో దాన్ని ఉపసంహరించుకుంటేనో పోతుంది. టెండరు పత్రం ధర, పోర్టల్ లావాదేవీ రుసుము మాత్రం తిరిగిరావు. లావాదేవీ రుసుము మీద జీఎస్టీ కూడా పడుతుంది. ఫొటోలో సాధారణంగా ధరావతు ఒక్కటే ఉంటుంది. మిగతా రెండూ పోర్టల్‌లో బిడ్ వేసేటప్పుడే ఎదురవుతాయి. డబ్బు సర్దుబాటు చేసుకునేవారికి ‘కొన్నాళ్లు ఆగే డబ్బు’, ‘పోయే డబ్బు’ అనే తేడా ముఖ్యం కాబట్టి ఈ రెండూ వేర్వేరు వరుసల్లో ఉండాలి.

నమూనా నోటీసులో ధరావతు 1 శాతమే అయినా కాంట్రాక్టరు చివరికి కట్టాల్సింది అంతే కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ పనుల టెండర్లలో బిడ్‌తో పాటు 1 శాతం, ఒప్పందం సమయంలో మరో 1.5 శాతం కట్టించుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఈ పని విషయంలో ఆ రెండో వాయిదా రూ.72,900 అవుతుంది. మొత్తం రూ.1,21,500. పత్రిక నోటీసులో ఈ రెండో వాయిదా కనిపించకపోవచ్చు. కాబట్టి ‘బిడ్ రోజున’, ‘దక్కితే ఒప్పందం రోజున’ అని రెండు గడులు పెట్టి, రెండోది ఖాళీగా ఉంటే ‘టెండరు పత్రంలో చూడాలి’ అని రాయడం సరైన పద్ధతి.

మినహాయింపుల దగ్గర మరో జాగ్రత్త అవసరం. చిన్న, సూక్ష్మ పరిశ్రమగా నమోదైన సంస్థలకు ధరావతు అక్కర్లేదన్న మాట బాగా ప్రచారంలో ఉంది. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల విధానంలోని ఆ వెసులుబాటు సరుకులకు, సేవలకు సంబంధించినది. నిర్మాణ పనులకు దాన్ని సాధారణంగా వర్తింపజేయరు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కదా అని డ్రెయిన్ పనికి ధరావతు కట్టకుండా బిడ్ వేస్తే, మొదటి వడపోతలోనే పోయే ప్రమాదం ఉంది. టెండరు పత్రంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప కుదింపులో ‘మినహాయింపు ఉంది’ అనే మాట రాయకూడదు.

అర్హత: అంకె ఒక్కటే కాదు, తేదీ కూడా

అర్హతను కుదించడం అన్నిటికంటే కష్టం. ఇలాంటి పని గతంలో చేసి ఉండాలనే షరతునే తీసుకుందాం. కేంద్ర సంస్థల టెండర్లలో దీని మూలం కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు. వాటి ప్రకారం గత 7 ఏళ్లలో ఇలాంటివి మూడు పనులు అంచనా విలువలో ఒక్కోటి 40 శాతానికి తగ్గకుండా, లేదా రెండు పనులు ఒక్కోటి 50 శాతానికి తగ్గకుండా, లేదా ఒక పని 80 శాతానికి తగ్గకుండా చేసి ఉండాలి. రూ.48.60 లక్షల పనికి ఇవి వరుసగా రూ.19.44 లక్షలు, రూ.24.30 లక్షలు, రూ.38.88 లక్షలు. కుదించేవారు స్థలం కోసం ‘లేదా’లు తీసి కామాలు పెడతారు. అప్పుడు చదివేవారికి మూడూ కలిపి కావాలన్నట్టు అర్థమవుతుంది. రూ.40 లక్షల పని ఒక్కటే చేసినవారు నిజానికి అర్హులే అయినా, ఆ కామాల వల్ల వెనక్కు తగ్గుతారు. ఎంత చిన్న కుదింపులోనైనా ‘లేదా’ను తీయకూడదు.

ఆ 7 ఏళ్లు ఎక్కడ ముగుస్తాయన్నది రెండో మెలిక. ఆ మార్గదర్శకాల ప్రకారం బిడ్లు పిలిచిన నెలకు ముందు నెల చివరి రోజుతో ముగుస్తాయి. నవంబరు 2025లో పిలిచిన టెండరుకు 31-10-2025 వరకు పూర్తయిన పని లెక్కలోకి వస్తుంది. అదే షరతును మరో విభాగం ‘గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో’ అని రాసిందనుకుంటే, లెక్క 2020-21తో మొదలై 2024-25తో ఆగుతుంది. సెప్టెంబరు 2025లో పూర్తి చేసిన పని మొదటి మాట ప్రకారం పనికొస్తుంది, రెండో మాట ప్రకారం పనికిరాదు. ‘గత అయిదేళ్లలో’ అని కుదిస్తే ఈ తేడా మొత్తం మాయమవుతుంది. ఫొటోలో ఉన్న మాటను ఉన్నట్టే ఉంచి, పక్కన తేదీల్లో విడమరచి రాయాలి.

ఇక బిడ్ సామర్థ్యం. కాలపరిమితికి అర్హతతో సంబంధం లేదనుకుని దాన్ని చాలామంది కుదింపులో వదిలేస్తారు. నిజానికి అర్హత తేలేది అక్కడే. మన దగ్గర ఇంజినీరింగ్ టెండర్లలో తరచూ కనిపించే సూత్రం ఇది:

```
బిడ్ సామర్థ్యం = 2AN − B
```

ఇందులో A అంటే నిర్ణీత సంవత్సరాల్లో ఏదైనా ఒక్క ఏడాది చేసిన పనుల అత్యధిక విలువ. N అంటే ఈ పని పూర్తి చేయాల్సిన కాలం, సంవత్సరాల్లో. B అంటే ఆ కాలంలో చేయాల్సి ఉన్న ఇప్పటి పనుల విలువ. ఒక కాంట్రాక్టరు అత్యధికంగా ఏడాదికి రూ.70 లక్షల పనులు చేశాడనుకుందాం. చేతిలో రూ.15 లక్షల పని మిగిలి ఉంది. కాలం 6 నెలలు కాబట్టి N విలువ 0.5. 70ని రెట్టింపు చేసి 0.5తో హెచ్చిస్తే 70, అందులో 15 తీసేస్తే 55. అంచనా విలువ రూ.48.60 లక్షల కంటే ఎక్కువే కాబట్టి అర్హుడు. అదే చేతిలో రూ.25 లక్షల పని ఉంటే సామర్థ్యం 45కు పడిపోతుంది. అప్పుడు అనర్హుడు. ఫొటోలో 6 నెలలను 9 నెలలుగా చదివారనుకోండి, N విలువ 0.75 అవుతుంది. అదే రూ.25 లక్షల పని చేతిలో ఉన్నా సామర్థ్యం 80గా తేలుతుంది. అర్హత లేని టెండరుకు ధరావతు కట్టి, రుసుము పోగొట్టుకునే పరిస్థితి ఇలాగే వస్తుంది. A విలువను ఇప్పటి ధరల స్థాయికి ఎంత పెంచుకోవచ్చో టెండరు పత్రమే చెబుతుంది. ఫొటో చెప్పదు.

‘అర్హమైన తరగతిలో నమోదైన కాంట్రాక్టర్లు’ అని మాత్రమే ఉండే షరతు మరో రకం. అందులో విలువ లేదు, వేరే చోటికి దారి మాత్రమే ఉంది. దాన్ని కుదించేవారు తమకు తెలిసిన తరగతి సంఖ్యతో నింపకూడదు. ఏ తరగతి వరకు ఎంత విలువ పని చేయవచ్చో టెండరు పత్రంలో చూసిన తర్వాతే సంఖ్య రాయాలి.

పత్రాలు: ఏది, ఎలా, ఎన్ని రోజులు పడుతుంది

పాన్, జీఎస్టీ నమోదు, కాంట్రాక్టరు నమోదు వంటివి దాదాపు ప్రతి టెండరుకూ కావాలి కాబట్టి వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గడువు తీరకుండా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. అసలు ఇబ్బంది సమయం పట్టే పత్రాలతో వస్తుంది. టర్నోవర్ సర్టిఫికెట్ చార్టర్డ్ అకౌంటెంట్ ఇవ్వాలి. 2019 ఫిబ్రవరి నుంచి అలాంటి ప్రతి సర్టిఫికెట్‌కూ యూడీఐఎన్ అనే ప్రత్యేక సంఖ్య తప్పనిసరి. అది లేని పాత నకలును అప్‌లోడ్ చేస్తే అంగీకరించరు. అనుభవ సర్టిఫికెట్ మీద పని చేయించిన విభాగం ఇంజినీరు సంతకం కావాలి. ఎర్రమంజిల్ చుట్టుపక్కల ఆఫీసుల్లో దానికోసం తిరిగినవారికి అది ఒక్క పూటలో అయ్యే పని కాదని తెలుసు. బ్యాంకు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ కూడా అంతే. కుదింపులో పత్రాల జాబితాను నోటీసులోని వరుసలో కాకుండా, తెచ్చుకోవడానికి పట్టే రోజుల వరుసలో రాస్తే చదివేవారికి నిజంగా పనికొస్తుంది.

డిజిటల్ సంతకం మాట నోటీసులో అసలు ఉండకపోవచ్చు. అది లేకుండా పోర్టల్‌లో బిడ్ వేయలేరు. 2021 జనవరి నుంచి రెండో తరగతి డిజిటల్ సంతకాలు ఇవ్వడం ఆగిపోయింది, ఇప్పుడు ఇస్తున్నది మూడో తరగతిదే. ఆఖరి రోజున ఆ సంతకం ఉండే టోకెన్ గడువు తీరిందని గమనించినవారికి అంచనా విలువ, అర్హత ఏవీ ఉపయోగపడవు.

మరో విషయం: కొన్ని పత్రాలు అప్‌లోడ్ చేస్తే చాలు, కొన్నింటి అసలు ప్రతులను కార్యాలయంలో కూడా ఇవ్వాల్సి ఉంటుంది. ఆ రెండింటి గడువులు వేరు. ‘కావాల్సిన పత్రాలు’ అని ఒకే జాబితా రాస్తే ఈ తేడా పోతుంది. ఒక్కో పత్రం పక్కన ‘అప్‌లోడ్’, ‘అసలు’ అన్న రెండు మాటల్లో ఏదో ఒకటి ఉండాలి.

ఒక నోటీసు, అయిదు గడువులు

‘చివరి తేదీ’ అని ఒక్కటే రాయడం ఇంకో మామూలు తప్పు. పత్రం డౌన్‌లోడ్ చేసుకునే గడువు, బిడ్ దాఖలు గడువు, అసలు ప్రతులు ఇచ్చే గడువు, సాంకేతిక బిడ్లు తెరిచే సమయం, ధరల బిడ్లు తెరిచే సమయం వేర్వేరు. చేతిలో ఉన్న ఫొటోలో సాంకేతిక బిడ్ల తేదీ స్పష్టంగా ఉండి దాఖలు తేదీ చెరిగిపోతే, కనిపించిన తేదీనే చివరి తేదీగా రాసేయడం సహజంగా జరిగిపోతుంది. 18వ తేదీ సాయంత్రం 4.00 గంటలకు బిడ్లు తెరుస్తారని ఉన్నప్పుడు, అదే రోజు సాయంత్రం 3.45కి అప్‌లోడ్ చేయవచ్చనుకుంటే పోర్టల్ తలుపు అప్పటికే మూసుకుని ఉండవచ్చు. లెక్కలోకి వచ్చేది పోర్టల్ గడియారం, చేతి గడియారం కాదు.

వ్యవధుల విషయంలో కేంద్ర, రాష్ట్ర టెండర్లను ఒకే గాటన కట్టకూడదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి ప్రకారం బహిరంగ టెండరుకు సాధారణంగా కనీసం మూడు వారాల సమయం ఇవ్వాలి. ‘స్వల్పకాలిక టెండరు’ అని శీర్షికలోనే ఉంటే ఆ లెక్క పనికిరాదు. అందుకే ఆ మాటను కుదింపులో నోటీసు సంఖ్య పక్కనే ఉంచాలి. మిగతా తేదీలను ఎంత అనుమానంగా చూడాలో అది చెబుతుంది.

ఈ నమూనా నోటీసుకు చివరికి తయారయ్యే అర పేజీ ఇలా ఉంటుంది. పైన నోటీసు సంఖ్య, స్వల్పకాలిక టెండరు అనే మాట, రెండో పని పేరు. అంచనా విలువ రూ.48,60,000, ధరావతుతో సరిచూసినది. కాలం 6 నెలలు, బిడ్ సామర్థ్యానికి N విలువ 0.5. ధరావతు రూ.48,600, తిరిగి వచ్చేది. పత్రం ధర, లావాదేవీ రుసుము, ఒప్పందం నాటి వాయిదా ఫొటోలో లేవు. అర్హత అనుభవం నోటీసులోని మాటల్లోనే, పక్కన తేదీలతో. నమోదు తరగతి పత్రంలో చూడాలి. దాఖలు ముగింపు 13 లేదా 18 నవంబరు, తేలేవరకు 13. సాంకేతిక బిడ్లు 18 నవంబరు సాయంత్రం 4.00, ధరల బిడ్లు 21 నవంబరు ఉదయం 11.00.

ఆ పేజీ అడుగున ఒక వరుస ఖాళీగా ఉంచాలి. అందులో పోర్టల్ చూసిన తేదీ, సమయం చేత్తో రాయాలి. గడువు పొడిగించినా, అంచనా విలువ మార్చినా, ఒక పనినే రద్దు చేసినా విభాగం సవరణ ప్రకటనను పోర్టల్‌లో పెడుతుంది. అది ప్రతిసారీ పత్రికలో కనిపించదు. సవరణ వచ్చిన తర్వాత కూడా పాత ఫొటో గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. 12వ తేదీ ఉదయం చూశామని ఉన్న పేజీని 17న తెరిచినవారికి, బిడ్ వేసే ముందు మరోసారి పోర్టల్ చూడాలని ఆ వరుసే చెబుతుంది.